జీతం పెంచమని కాదు, మాట్లాడదామని రాయండి

ప్రభుత్వ ఉద్యోగికి తన ఇంక్రిమెంటు ఏ నెలలో వస్తుందో ముందే తెలుసు. ధరలు పెరిగితే డీఏ ఉంటుంది, కొన్నేళ్లకోసారి పీఆర్సీ ఉంటుంది. అవి ఆలస్యమైతే అడగడానికి సంఘాలున్నాయి. ఒక్కో ఉద్యోగి అధికారి గదిలోకి వెళ్లి తన జీతం గురించి విడిగా మాట్లాడాల్సిన అవసరం దాదాపు రాదు. అలాంటి ఇంట్లో పెరిగి ప్రైవేటు కంపెనీలో చేరిన పిల్లలకు "నీ పని నువ్వు చేసుకుపో, వాళ్లే గుర్తిస్తారు" అన్న సలహా అందుతుంది. ఆ సలహా ప్రైవేటు ఉద్యోగానికి సరిపోదు. కనీస వేతనం కంటే ఎక్కువ తీసుకుంటున్న ఉద్యోగికి ఏటా ఇంత పెంచి తీరాలని మన చట్టాలు చెప్పవు. నియామక పత్రంలో కూడా సాధారణంగా జీతం సవరణ కంపెనీ విచక్షణ మేరకు ఉంటుందనే రాసి ఉంటుంది. కాబట్టి ఎవరికి వారు అడగాలి. ఆ అడగడం చాలా ఆఫీసుల్లో హెచ్‌ఆర్ విభాగానికి రాసే ఒక చిన్న మెయిల్‌తో మొదలవుతుంది.

ఆ మెయిల్ రాయడానికి చాలామంది వారాల తరబడి తటపటాయిస్తారు. రాసినప్పుడు మనసులో ఉన్నదంతా రాసేస్తారు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, పక్క సీటు మనిషి జీతం, తాము పడ్డ కష్టం అన్నీ అందులోకి వస్తాయి. చివర "దయచేసి నా జీతం పెంచగలరు" అని ముగుస్తుంది. దానికి హెచ్‌ఆర్ నుంచి వచ్చే జవాబు కూడా అంతే మామూలుగా ఉంటుంది: "మీ విన్నపం నోట్ చేసుకున్నాం. వార్షిక అప్రైజల్‌లో పరిశీలిస్తాం." తలుపు మర్యాదగానే మూసుకుపోతుంది. ఎందుకిలా అవుతుందో తెలియాలంటే ఆ మెయిల్ హెచ్‌ఆర్‌కి చేరాక ఏం జరుగుతుందో చూడాలి.

మెయిల్ చదివేవాళ్లు ఒకరు, నిర్ణయించేవాళ్లు ఇంకొకరు

హెచ్‌ఆర్‌లో మన మెయిల్ తెరిచే వ్యక్తికి జీతం పెంచే అధికారం సాధారణంగా ఉండదు. ఆమె పని ఫైలు నడపడం. ముందుగా మన రికార్డు తీస్తారు. ఆఖరిసారి జీతం ఎప్పుడు, ఎంత శాతం పెరిగింది? మనం ఏ గ్రేడులో ఉన్నాం, ఆ గ్రేడుకు కంపెనీ పెట్టుకున్న జీతం హద్దులు ఏమిటి? అదే గ్రేడులో మిగతావాళ్లు ఎక్కడున్నారు? ఆ తర్వాత మన మేనేజర్‌ని అడుగుతారు. వాటన్నిటికీ జవాబులు దొరికాక, విషయం బలంగా ఉందనిపిస్తే, ఒక చిన్న నోట్ రాసి విభాగాధిపతికి, ఫైనాన్స్‌కు పంపుతారు. చివరి సంతకం అక్కడ పడుతుంది.

అంటే మన మెయిల్‌లోని వాక్యాలు మనం ఎప్పుడూ కలవని మనుషుల ముందుకు వెళ్తాయి. హెచ్‌ఆర్ అధికారి అందులోంచి రెండు మూడు వాక్యాలు ఎత్తి తన నోట్‌లో పెట్టుకోగలగాలి. "మూడేళ్లుగా కష్టపడుతున్నాను" అన్న వాక్యాన్ని ఆమె ఎక్కడా పెట్టుకోలేరు. అందరూ కష్టపడుతున్నామనే అంటారు. "ఫలానా తేదీ నుంచి ఫలానా పని నా దగ్గరకు వచ్చింది, దానివల్ల ఇంత మేలు జరిగింది" అన్న వాక్యాన్ని మాత్రం ఉన్నదున్నట్టు పెట్టుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. వార్షిక హైక్ వేరు, పాత్ర మారినందువల్ల చేసే సవరణ వేరు. వార్షిక హైక్‌కు విభాగం మొత్తానికి కలిపి ఒక శాతం కేటాయిస్తారు. ఒకరికి రెండు శాతం ఎక్కువ ఇవ్వాలంటే మేనేజర్ ఇంకొకరికి తగ్గించాలి. ఆ లెక్కలో మనం ఎంత అడిగినా దక్కేది స్వల్పమే. చేరినప్పటి పని ఒకటి, ఇప్పుడు చేస్తున్న పని ఇంకొకటి అయినప్పుడు ప్రశ్నే మారిపోతుంది. ఈ పనికి బయటి మనిషిని పెడితే ఎంతివ్వాలి, ఈమెకు ఎంతిస్తున్నాం అన్న పోలిక వస్తుంది. దీన్ని హెచ్‌ఆర్ వాళ్లు 'కరెక్షన్' అంటారు. మన విషయం ఈ రెండో రకానిదైతే మెయిల్ మొదటి వాక్యాల్లోనే అది తెలియాలి. తెలియకపోతే అది వార్షిక హైక్ కోసం వచ్చిన విన్నపాల్లో కలిసిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం

హైదరాబాద్‌లో మందులు టోకుగా సరఫరా చేసే ఒక మధ్యతరహా కంపెనీ ఉందనుకుందాం. అందులో ఒక అమ్మాయి 2022 జూన్‌లో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేరింది. బిల్లులు ఎక్కించడం, బ్యాంకు లెక్కలు సరిచూడడం ఆమె పని. 2024 అక్టోబర్‌లో సీనియర్ ఒకరు ఉద్యోగం మానేశారు. ఆయన చూసే జీఎస్టీ పని, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రిజిస్ట్రేషన్లదీ, "కొన్నాళ్లు చూడమ్మా" అంటూ ఆమెకు అప్పగించారు. ఆ కొన్నాళ్లు ఏడాది దాటాయి. 2025 ఏప్రిల్‌లో అందరితోపాటు ఆమెకూ 6 శాతం పెరిగి సీటీసీ 5 లక్షల 20 వేలయింది. అయితే ఆ 6 శాతం పాత పనికిచ్చే జీతం మీద లెక్కగట్టింది. హోదా కూడా పాతదే.

ఆమె చేసిన పనిలో ఒకటి దగ్గరగా చూడాలి. సరఫరాదారుకు మనం కట్టిన జీఎస్టీని క్రెడిట్‌గా వాడుకోవాలంటే, ఆ సరఫరాదారు తన రిటర్నులో ఆ బిల్లు చూపించాలి. చూపిస్తే అది ప్రతి నెలా తయారయ్యే జీఎస్టీఆర్–2బీ పట్టికలో మనకు కనిపిస్తుంది. చూపించకపోతే కనిపించదు. ఒక ఆర్థిక సంవత్సరపు క్రెడిట్ తీసుకోవడానికి గడువు ఆ మరుసటి నవంబర్ 30. ఏడాది రిటర్ను అంతకన్నా ముందే వేస్తే గడువు కూడా అక్కడితో ముగుస్తుంది. ఆమె పని అందుకున్నప్పటికి 2023–24 లెక్కలకు రెండు నెలల గడువు కూడా లేదు. పుస్తకాల్లో ఉండి పట్టికలో లేని బిల్లులన్నీ విడదీసింది. ఒక్కో సరఫరాదారుకూ ఫోన్ చేసి, బిల్లు నంబర్లు పంపి, రిటర్నులో ఎక్కించేదాకా వెంటపడింది. అలా కంపెనీకి పోకుండా మిగిలిన క్రెడిట్ 6 లక్షల 80 వేలు. ఆమె ఏడాది జీతం కన్నా ఎక్కువ.

ఈ సంగతి ఆమె మేనేజర్‌కు తెలుసు. హెచ్‌ఆర్‌కు తెలియదు, తెలిసే దారీ లేదు. మెయిల్ చెప్పాల్సింది అదే. హెచ్‌ఆర్ అధికారికి జీఎస్టీ లోతులు తెలియనక్కర్లేదు కాబట్టి, లెక్కల భాష తెలియని మనిషికి కూడా ఒక్క వాక్యంలో అర్థమయ్యేలా చెప్పాలి.

ఎప్పుడు రాయాలి, ముందు ఎవరికి చెప్పాలి

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. వచ్చే ఏడాది జీతాలకు ఎంత పెట్టుకోవాలన్నది చాలా కంపెనీల్లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో తేలుతుంది. అప్పటికి మన పేరు చర్చలో ఉంటే దానికి చోటు దొరకొచ్చు. ఏప్రిల్ తర్వాత ఉత్తరాలు చేతికొచ్చాక రాస్తే, ఇవ్వాలని ఉన్నా "బడ్జెట్ అయిపోయింది" అనే జవాబే వస్తుంది. ఆమె 2026 జనవరి 7న రాయాలనుకుంది. ఇంకాస్త ఆగితే సంక్రాంతికి సగం ఆఫీసు ఊళ్లకు వెళ్లిపోతుంది. ఆ తర్వాత 20వ తేదీన తనకే రిటర్ను గడువు. నెలాఖరు వారమంతా హెచ్‌ఆర్ వాళ్లు జీతాల లెక్కల్లో మునిగి ఉంటారు. అందుకే ముందే రాసి, 21, 22 తేదీల్లో సమయం అడిగింది.

రాసే ముందు మేనేజర్‌కు చెప్పడం తప్పనిసరి. మెయిల్ చేరగానే హెచ్‌ఆర్ వాళ్లు ముందుగా ఫోన్ చేసేది ఆయనకే. ఆయన ఆ కబురు వాళ్ల నోట మొదటిసారి వింటే, తనను దాటేసి వెళ్లిందనుకుంటారు. సాయం చేయాలనుకున్న మనిషి కూడా వెనక్కి తగ్గుతారు. ఇక్కడ పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు.

"సార్, రెండు నిమిషాలు. జీఎస్టీ పని నా దగ్గరకొచ్చి ఏడాది దాటింది. హోదా, జీతం గురించి హెచ్‌ఆర్ మేడమ్‌తో మాట్లాడదామనుకుంటున్నా. మీకు ముందు చెప్పాలని వచ్చాను."

"అడగాల్సిందేనమ్మా. రాసి నాకూ కాపీ పెట్టు. వాళ్లు నన్ను అడిగితే నేను చెప్తాను."

అందరు మేనేజర్లూ ఇలా అనరు. "ఇప్పుడు వద్దు" అంటే, మరి ఎప్పుడు అని ఒక నెల పేరు అడిగి తెలుసుకోవాలి. నెల చెప్పకుండా వద్దనడం కొనసాగితే, ఆయనకు చెప్పే, ఆయనకు కాపీ పెట్టే రాయవచ్చు. అందులో తప్పేమీ లేదు.

మెయిల్ ఇలా ఉంటే చాలు

మన ఆఫీసుల్లో ఇది ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే రాస్తారు. ఏ భాషలో రాసినా వరుస మాత్రం ఇదే.

విషయం: పాత్ర మార్పు దృష్ట్యా జీతం సమీక్షపై చర్చకు సమయం కోరుతూ

మేడమ్ గారికి, నమస్కారం.

నేను 2022 జూన్ నుంచి అకౌంట్స్ విభాగంలో ఎగ్జిక్యూటివ్‌గా పనిచేస్తున్నాను. 2024 అక్టోబర్ నుంచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల నెలవారీ జీఎస్టీ రిటర్నుల బాధ్యత కూడా పూర్తిగా నేనే చూస్తున్నాను. అంతకుముందు ఈ పని సీనియర్ ఎగ్జిక్యూటివ్ హోదాలో ఉన్నవారు చూసేవారు.

ఈ కాలంలో రిటర్నులన్నీ గడువులోపే దాఖలయ్యాయి. 2023–24కు సంబంధించి సరఫరాదారులు చూపించని బిల్లులను గుర్తించి, వారితో సరిచేయించడం వల్ల 6.8 లక్షల రూపాయల పన్ను క్రెడిట్ కంపెనీకి దక్కింది. వివరాలు మా మేనేజర్ గారి వద్ద ఉన్నాయి.

బాధ్యతలు మారినా నా హోదా, జీతం పాత పాత్రకు సంబంధించినవిగానే ఉన్నాయి. వీటి సమీక్షపై మీతో అరగంట మాట్లాడాలని కోరుతున్నాను. జనవరి 21 లేదా 22 మధ్యాహ్నం మీకు వీలవుతుందా? మరో సమయమైనా రాగలను.

ఈ విషయం మా మేనేజర్ గారికి ముందుగా తెలిపాను. వారికి కాపీ పంపుతున్నాను.

కృతజ్ఞతలతో,
(పేరు, ఎంప్లాయీ ఐడీ, ఫోన్ నంబరు)

ఇందులో అభ్యర్థన ఒక్కటే: అరగంట సమయం. జీతం పెంచమని అడిగితే హెచ్‌ఆర్ "లేదు" అని రాసేయవచ్చు. అరగంట మాట్లాడాలంటే కాదనడం కష్టం. రెండు తేదీలు ఇవ్వడం వల్ల జవాబు ఒక్క వాక్యంలో వచ్చేస్తుంది. "మీకు వీలైనప్పుడు" అని వదిలేస్తే ఆ వీలు త్వరగా రాదు.

ఎంత కావాలో ఇందులో లేదు. కావాలనే రాయలేదు. మెయిల్‌లో అంకె పెడితే, కారణాలు వెనకబడి ఆ అంకె ఒక్కటే ఫార్వర్డ్ అవుతుంది. ఫైనాన్స్‌లో దాన్ని చూసేవారికి శాతమొక్కటే కనిపిస్తుంది. పైగా మనం రాసింది తక్కువైతే అదే గరిష్ఠం అవుతుంది. అంకె చెప్పే చోటు సమావేశం. అయితే హెచ్‌ఆర్ తిరుగు మెయిల్‌లో "ఎంత ఆశిస్తున్నారు?" అని అడిగితే దాచకూడదు. అప్పుడు కారణంతో కలిపి చెప్పాలి.

తోటి ఉద్యోగి జీతం కూడా ఇందులో లేదు. అది రాస్తే చర్చ మన పని మీంచి ఆ సంగతి మీకెలా తెలిసిందన్న దాని మీదకు మళ్లుతుంది. ఒక మినహాయింపు ఉంది. అదే పని చేసే మగవారికన్నా ఆడవారికి తక్కువ ఇస్తున్నారన్నది అసలు ఫిర్యాదైతే, దానికి చట్టం ఉంది. 1976 నాటి సమాన వేతన చట్టం స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా జీతంలో లింగ వివక్షను నిషేధిస్తోంది. అది వేరే విషయంగా, వేరే మెయిల్‌లో రాయాలి.

వేరే కంపెనీ ఆఫర్ ఉందన్న ప్రస్తావనా లేదు. ఆఫర్ చేతిలో ఉండి, నిజంగా వెళ్లడానికి సిద్ధమైనప్పుడే ఆ మాట అనాలి. లేని ఆఫర్ చూపితే "అయితే వెళ్లండి" అన్న జవాబుకు మన దగ్గర బదులుండదు.

గదిలోకి వెళ్లే ముందు ఒక లెక్క

సమావేశానికి ఒక అంకెతో, దానికి ఒక ఆధారంతో వెళ్లాలి. ఆ సీనియర్ మానేసినప్పుడు కంపెనీయే ఒక ఉద్యోగ ప్రకటన ఇచ్చింది. సీనియర్ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, జీఎస్టీ అనుభవం తప్పనిసరి, జీతం 6 నుంచి 7 లక్షలు అని అందులో ఉంది. ఆ ఖాళీ నింపకుండా పని ఈమెకిచ్చారు. ఆ పనికి కంపెనీ స్వయంగా కట్టిన వెల కన్నా మంచి ఆధారం ఆమెకు దొరకదు. ఆమె 6 లక్షల 40 వేలు అడగాలనుకుంది.

సీటీసీలో అంత పెరిగితే చేతికి ఎంతొస్తుంది? సీటీసీలో యాజమాన్యం కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా కూడా కలిసి ఉంటాయి. బేసిక్ సీటీసీలో సగమనీ, పీఎఫ్ నెలకు 1,800 చొప్పున ఇరువైపులా కడుతున్నారనీ, గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతమనీ, బీమా ఏడాదికి 6 వేలనీ అనుకుందాం. 5 లక్షల 20 వేల సీటీసీలో ఇవన్నీ, నెలకు 200 వృత్తి పన్ను కూడా పోగా చేతికొచ్చేది సుమారు 38 వేలు. 6 లక్షల 40 వేలైతే అదే లెక్కన 47,700 దాకా వస్తుంది. అంటే నెలకు దాదాపు 9,700 ఎక్కువ.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కంపెనీ "సరే, 6 లక్షల 40 వేలు" అని ఒప్పుకుని, అందులో 60 వేలు ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ పేగా పెట్టవచ్చు. కాగితం మీద సీటీసీ అదే. నెల నెలా పెరిగేది మాత్రం 4,700 చిల్లరే. మిగతాది లక్ష్యాలు చేరితే వస్తుంది, లేకపోతే రాదు. కాబట్టి గదిలో అడగాల్సిన మాట: "ఇందులో ఫిక్స్‌డ్ ఎంత మేడమ్, వేరియబుల్ ఎంత?" ఎప్పటి నుంచి అమలు, హోదా మారుతుందా అన్నవి కూడా అప్పుడే అడగాలి. హోదా మార్పు చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, వచ్చే ఏడాది వార్షిక హైక్ లెక్కించే గ్రేడు దాన్నిబట్టే ఉంటుంది.

ఆ తర్వాత

వారం రోజులైనా మెయిల్‌కు జవాబు రాకపోతే, కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా అదే మెయిల్‌కు కొనసాగింపుగా రెండు వాక్యాలు రాయాలి. పాత తేదీ కిందే కనిపిస్తుంది. గుర్తు చేయడం మర్యాదగా ఉంటుంది, రికార్డుగా కూడా మిగులుతుంది.

సమావేశం జరిగిన రోజే, లేదా మర్నాడు, ఇంకో చిన్న మెయిల్ పంపాలి. "ఈరోజు సమయమిచ్చినందుకు కృతజ్ఞతలు. గ్రేడ్ మార్పు ప్రతిపాదనను విభాగాధిపతికి పంపుతామని, ఫిబ్రవరి 15లోగా తెలియజేస్తామని మీరు చెప్పినట్టు అర్థం చేసుకున్నాను. పొరపాటుంటే సరిచేయగలరు." నాలుగు గోడల మధ్య అనుకున్న మాట ఇలా తేదీతో సహా కాగితం మీదికి వస్తుంది. ఆ హెచ్‌ఆర్ అధికారి మారిపోయినా ఆ మాట ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రుజువుల కోసమని కంపెనీ ఫైళ్లను, రిటర్నుల కాపీలను సొంత మెయిల్‌కు పంపుకోకూడదు. చాలా కంపెనీల్లో అది నియమాల ఉల్లంఘన, న్యాయమైన కోరికను కూడా చెడగొడుతుంది. ఏ తేదీన ఏ పని చేశామన్న మన సొంత నోట్స్ సరిపోతాయి.

జవాబు "కాదు" కావచ్చు. కంపెనీ పరిస్థితి నిజంగా బాగోలేకపోవచ్చు, ఆ గ్రేడులో ఖాళీ ఉండకపోవచ్చు. నిజమైన "ఇప్పుడు కాదు"కీ, ఊరికే దాటవేయడానికీ తేడా తేలిగ్గానే పట్టుకోవచ్చు. నిజమైనదానికి ఒక షరతు, ఒక తేదీ ఉంటాయి: "జులైలో గ్రేడ్లు మారుస్తున్నాం, మీ పేరు అందులో పెడతాం. ఈలోగా ఏడాది రిటర్ను కూడా మీరే చేస్తే బలం వస్తుంది." దాటవేతలో "చూద్దాం", "మీ సేవలు గుర్తున్నాయి" లాంటి మాటలే ఉంటాయి, నెల పేరు ఉండదు. డబ్బు కుదరదన్నప్పుడు హోదా మార్పు, జీఎస్టీ పనికి అనుభవ పత్రంలో చోటు, కోర్సు ఫీజు లాంటివి అడగవచ్చు. డబ్బుకు బడ్జెట్ కావాలి గానీ వీటిలో చాలావాటికి ఒక సంతకం చాలు.

రెండోసారి కూడా తేదీ లేని జవాబే వస్తే, ఆ పనికి ఆ కంపెనీ అంతకన్నా ఇవ్వదలచుకోలేదనే అర్థం. అది తెలియడం కూడా ఆ మెయిల్ వల్ల కలిగే ప్రయోజనమే. అప్పటికి ఆమె చేతిలో తాను చేసిన పని తేదీలతో, అంకెలతో, ఎవరికైనా అర్థమయ్యే నాలుగు వాక్యాల్లో సిద్ధంగా ఉంది. ఇంకో చోట ఇంటర్వ్యూలో "ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడిగితే చెప్పాల్సినవి కూడా ఆ నాలుగు వాక్యాలే.